ఆలుగడ్డ ఆకు ఫొటో, తెగులు పేరు: వర్గీకరణ నమూనాను జహీరాబాద్ పొలంలో పరీక్షించే విధానం

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతపు ఎర్ర నేలల్లో యాసంగి పంటగా ఆలుగడ్డ సాగవుతున్నది. అక్టోబరు, నవంబరు నెలల్లో బోదెలపై నాటిన పంట సుమారు మూడు నెలల్లో తవ్వకానికి వస్తుంది. ఈ కొద్ది కాలంలో ఆకులపై కనిపించే మచ్చ ఎర్లీ బ్లైట్‌దా, లేట్ బ్లైట్‌దా అన్నది రైతుకు ఖర్చుతో ముడిపడిన ప్రశ్న. మొదటిది ఆల్టర్నేరియా శిలీంధ్రం వల్ల వచ్చి, వలయాలతో కూడిన గోధుమ రంగు మచ్చలతో నెమ్మదిగా ముదురుతుంది. రెండవది ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టాన్స్ వల్ల వస్తుంది. చల్లదనం, మంచు, గాలిలో అధిక తేమ కలిసివస్తే కొద్ది రోజుల్లోనే మడి మొత్తాన్ని మాడ్చివేయగలదు. రెండింటికీ వాడే మందులు వేరు, ఆలస్యమైతే కలిగే నష్టమూ వేరు.

ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే సాధనాలు ఇప్పుడు రైతుల చేతికి వచ్చాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భాగస్వామ్యంతో ప్లాంటిక్స్ యాప్ 2017లో తెలుగులోనూ అందుబాటులోకి వచ్చింది. 2024 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. ఇటువంటి సాధనాల వెనుక ఉండేది మెషీన్ లెర్నింగ్ వర్గీకరణ నమూనా. పేరు పెట్టిన వేల ఫొటోలను చూసి, కొత్త ఫొటో ఏ వర్గానికి చెందుతుందో చెప్పడం దాని పని. అటువంటి నమూనాను ఒక పరిశోధన కేంద్రం గాని, విద్యార్థి బృందం గాని జహీరాబాద్ ఆలుగడ్డ కోసం తయారు చేస్తే, దానిని రైతుకు ఇవ్వడానికి ముందు ఏ విధంగా పరీక్షించాలన్నది ఈ వ్యాసంలో చర్చిస్తున్నాము. నమూనా తయారీ గురించి ఇక్కడ రాయడం లేదు. నేడు అది చాలా సులువైన పని. దానిని సరిగా పరీక్షించడమే కష్టం.

99 శాతం నుండి 31 శాతానికి

ఈ రంగంలో తరచుగా ఉదహరించే పరిశోధన 2016లో వెలువడింది. మొహంతీ, హ్యూస్, సలాథే అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ప్లాంట్‌విలేజ్ అనే బహిరంగ సమాచార నిధిలోని 54,306 ఆకు ఫొటోలతో ఒక నమూనాకు శిక్షణ ఇచ్చారు. అందులో 14 పంటలు, 26 తెగుళ్లు ఉన్నాయి. ఆరోగ్యవంతమైన ఆకులతో కలిపి మొత్తం వర్గాలు 38. శిక్షణలో వాడకుండా పక్కన పెట్టిన ఫొటోలపై ఆ నమూనా 99.35 శాతం కచ్చితత్వం చూపింది. ఈ అంకె ఎన్నో వార్తలకు ఆధారమైంది. అదే పత్రంలో ఉన్న మరో అంకెను మాత్రం పట్టించుకున్నవారు తక్కువ. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలను ఇంటర్నెట్ నుండి సేకరించి అదే నమూనాకు చూపినప్పుడు కచ్చితత్వం 31 శాతానికి కాస్త పైన మాత్రమే నిలిచింది. 38 వర్గాల్లో గుడ్డిగా ఊహించినా 2.6 శాతమే వస్తుంది కాబట్టి 31 శాతం శూన్యం కాదు. అయినా మూడు ఆకుల్లో రెండింటికి తప్పు పేరు చెప్పే సాధనాన్ని పొలంలో వాడలేము. ఈ రెండు అంకెలనూ ఒకే పత్రంలో ప్రకటించిన రచయితల నిజాయితీని మెచ్చుకోవాలి.

ఇంత తేడాకు కారణం ఫొటోలు తీసిన పద్ధతిలో ఉంది. ప్లాంట్‌విలేజ్ ఫొటోలను ప్రధానంగా అమెరికా విశ్వవిద్యాలయాల ప్రయోగ క్షేత్రాల్లో తీశారు. ఆకును కోసి, ఒకే రంగు కాగితంపై పరచి, ఒక్కో ఆకునే ఫొటో తీశారు. మన రైతు తీసే ఫొటోలో ఆకు మొక్కకే ఉంటుంది. దాని వెనుక ఎర్ర మట్టి, పక్కన మరో నాలుగు ఆకులు, ఒక కలుపు మొక్క, ఫొటో తీస్తున్నవారి నీడ కనిపిస్తాయి. ఇంటర్నెట్ నుండి సేకరించిన ఫొటోలతో గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు ప్లాంట్‌డాక్ పేరుతో 2,598 చిత్రాల నిధిని తయారు చేయడానికి ఈ లోటే ప్రేరణ.

వంద ఫొటోలు, ఐదు పొలాలు

పరీక్ష మొదలయ్యేది సమాచారాన్ని విభజించడంతో. ఉన్న ఫొటోలను మూడు భాగాలు చేస్తారు. మొదటి భాగంతో నమూనా నేర్చుకుంటుంది. రెండవ భాగాన్ని చూస్తూ తయారీదారు నమూనాలోని అమరికలను సరిదిద్దుతాడు. మూడవ భాగం పరీక్ష కోసం. పరీక్ష భాగాన్ని చివర ఒకే ఒకసారి తెరవాలి. ఫలితం నచ్చలేదని అమరికలు మార్చి, మళ్లీ అదే భాగంపై పరీక్షించడం మొదలైతే అది పరీక్ష భాగంగా మిగలదు. పదిసార్లు ఆ విధంగా చేసినవారు తెలియకుండానే ఆ ఫొటోలకు సరిపోయే నమూనాను ఎంచుకుంటారు.

ఇది చాలామందికి తెలిసిన విషయమే. ఎక్కువగా పొరపాటు జరిగేది విభజనకు ఏ ప్రమాణాన్ని తీసుకోవాలన్న దగ్గర. ఒక పరిశోధక విద్యార్థి కోహిర్ మండలంలోని ఒక పొలానికి వెళ్లి, తెగులు సోకిన ఒకే మొక్క నుండి పన్నెండు ఫొటోలు తీశాడనుకుందాం. అన్ని ఫొటోలనూ కలిపి పేకముక్కల్లా చెదరగొట్టి 80:20 నిష్పత్తిలో విభజిస్తే, ఆ పన్నెండులో తొమ్మిదో పదో శిక్షణలోకి, మిగిలినవి పరీక్షలోకి వెళ్తాయి. అప్పుడు నమూనా పరీక్షలో చూసేది ఇంతకుముందు చూసిన మొక్కనే. అదే వెలుతురు, అదే మట్టి, దాదాపు అదే మచ్చ. తెగులును గుర్తించకపోయినా ఆ మొక్కను గుర్తుపడితే చాలు, మార్కులు వస్తాయి. దీనినే సమాచారం లీక్ కావడం అంటారు. 2016 పత్రం రచయితలు ఒకే ఆకుకు చెందిన పలు ఫొటోలు, తమకు ఆ వివరం తెలిసినంత మేరకు, ఒకే వైపు ఉండేలా జాగ్రత్త తీసుకున్నారు. పొలం ఫొటోల విషయంలో ఆకు స్థాయి జాగ్రత్త సరిపోదు. ఒకే పొలంలోని మొక్కలకు విత్తనం, నాటిన తేదీ, నేల, పిచికారీ చేసిన మందు అన్నీ ఒక్కటే. కాబట్టి పొలాన్ని మొత్తంగా శిక్షణలోనో, మొత్తంగా పరీక్షలోనో ఉంచాలి.

ప్రతి ఫొటోకు పొలం సంఖ్యను నమోదు చేసి ఉంటే ఈ విభజనకు నాలుగు వరుసలు చాలు:

```python
from sklearn.model_selection import GroupShuffleSplit
gss = GroupShuffleSplit(n_splits=1, test_size=0.2, random_state=7)
train, test = next(gss.split(X, y, groups=field_id))
assert set(field_id[train]).isdisjoint(field_id[test])
```

చివరి వరుస ఒకే పొలం రెండు వైపులా రాలేదని నిర్ధారిస్తుంది. వచ్చి ఉంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ 0.2 అనేది ఫొటోల్లో కాదు, పొలాల్లో ఐదో వంతు అని గమనించాలి. పొలం సంఖ్య నమోదు చేయకుండా సేకరించిన పాత ఫొటోలైతే, తీసిన సమయాన్ని చూసి, కొద్ది నిమిషాల తేడాతో ఒకే ఫోన్‌లో తీసినవాటిని ఒకే గుంపుగా లెక్కించాలి. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫొటోల్లో ఆ సమయం వివరం సాధారణంగా మిగలదు. అందువల్ల సేకరణ రోజునే పుస్తకంలో రాసుకోవడం మేలు.

లీక్ జరిగిందో లేదో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఒకటుంది. అదే నమూనాను ఒకసారి చెదరగొట్టిన విభజనతో, మరోసారి పొలాలవారీ విభజనతో శిక్షణ ఇచ్చి పరీక్షించాలి. రెండు ఫలితాలూ దగ్గరగా ఉంటే సంతోషమే. మొదటిది 97, రెండవది 78 వస్తే, ఆ 19 శాతం నమూనాకు తెగులు గురించి ఉన్న జ్ఞానం కాదు, పొలాల గురించి ఉన్న జ్ఞాపకం. ప్రకటించవలసినది 78నే.

దీనికన్నా కఠినమైన విభజన కాలాన్ని బట్టి చేసేది. రెండు యాసంగుల ఫొటోలతో శిక్షణ ఇచ్చి మూడవ యాసంగి ఫొటోలపై పరీక్షించాలి. రైతు ఆ సాధనాన్ని వాడేది ఎప్పుడూ రాబోయే పంటలోనే కనుక వాస్తవానికి అన్నిటికంటే దగ్గరగా ఉండే పరీక్ష ఇదే. మూడేళ్లు ఆగే ఓపిక ప్రాజెక్టులకు ఉండదన్నది వేరే సంగతి.

కచ్చితత్వం ఒక్కటే చూస్తే

ప్లాంట్‌విలేజ్‌లోని ఆలుగడ్డ ఫొటోల లెక్క ఇది: ఎర్లీ బ్లైట్ 1,000, లేట్ బ్లైట్ 1,000, ఆరోగ్యవంతమైనవి కేవలం 152. ఏ ఫొటో చూపినా కళ్లు మూసుకుని తెగులు ఉందని చెప్పే యంత్రం ఒకటి తయారు చేస్తే, తెగులు ఉందా లేదా అనే ప్రశ్నకు అది 2,152లో 2,000 సార్లు సరైన సమాధానం చెబుతుంది. అంటే దాదాపు 93 శాతం కచ్చితత్వం. పొలంలో పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఆరోగ్యంగా ఉన్న ఆకులే ఎక్కువ.

దీని ప్రభావాన్ని ఒక లెక్కతో చూద్దాం. కింది అంకెలు వివరణ కోసం తీసుకున్నవి, సర్వేలో వచ్చినవి కావు. డిసెంబరు నెలలో జహీరాబాద్ పరిసర పొలాల నుండి క్రమరహితంగా 1,000 ఆకుల ఫొటోలు తీశామనుకుందాం. వాటిలో లేట్ బ్లైట్ నిజంగా ఉన్నవి 40, లేనివి 960. మన నమూనా లేట్ బ్లైట్ ఉన్న ప్రతి వంద ఆకుల్లో 90ని పట్టుకుంటుంది. ఈ గుణాన్ని రీకాల్ అంటారు. లేట్ బ్లైట్ లేని ప్రతి వందలో ఐదింటిని పొరపాటున లేట్ బ్లైట్ అంటుంది. అయితే 40లో 36ను పట్టుకుని నాలుగింటిని వదిలేస్తుంది. 960లో 48ని అనవసరంగా పట్టుకుంటుంది. మొత్తం హెచ్చరికలు 84. వాటిలో నిజమైనవి 36, అంటే 43 శాతం. హెచ్చరికల్లో నిజమైనవాటి వంతును ప్రెసిషన్ అంటారు. సాధనం లేట్ బ్లైట్ అని చెప్పినప్పుడు అది తప్పయ్యే అవకాశమే ఎక్కువన్న మాట.

ఇదే నమూనాను, ఇదే రీకాల్‌తో, ఇదే ఐదు శాతం పొరపాటుతో ప్లాంట్‌విలేజ్ ఆలుగడ్డ ఫొటోలపై లెక్కిస్తే 1,000లో 900 పట్టుకుంటుంది, మిగిలిన 1,152లో సుమారు 58 తప్పుగా పట్టుకుంటుంది. ప్రెసిషన్ 94 శాతం. నమూనాలో మార్పు లేదు. చుట్టూ ఉన్న ఆకుల్లో తెగులు వంతు మారింది, అంతే. అందుకే ప్రెసిషన్ చెప్పేటప్పుడు అది ఎంత తెగులు ఉన్న పొలంలో లెక్కించినదో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఇప్పుడు కచ్చితత్వం చూద్దాం. సరిగా చెప్పినవి 36, 912 కలిపి 948. అంటే 94.8 శాతం. ఏ ఆకుకైనా లేట్ బ్లైట్ లేదని చెప్పే పనికిరాని యంత్రానికి 96 శాతం వస్తుంది. కచ్చితత్వమే గెలుపు కొలమానమైతే పనికిరానిదే గెలుస్తుంది.

కాబట్టి నివేదికలో ప్రతి వర్గానికీ రీకాల్, ప్రెసిషన్ విడివిడిగా ఇవ్వాలి. వాటితోపాటు ఏ వర్గాన్ని ఏ వర్గంగా పొరబడిందో చూపే పట్టికను పూర్తిగా ముద్రించాలి. మూడు వర్గాలైతే అది తొమ్మిది గడుల పట్టిక మాత్రమే, కాగితం ఏమీ ఖర్చు కాదు. ఎర్లీ బ్లైట్‌ను లేట్ బ్లైట్ అనడం, లేట్ బ్లైట్‌ను ఆరోగ్యమైనది అనడం రెండూ తప్పులే, కానీ సమానం కావు. మొదటిదానిలో ఒక పిచికారీ ఖర్చు వృథా. రెండవదానిలో పంట పోవచ్చు. నమూనా ప్రతి ఫొటోకు ఒక సంభావ్యతను ఇస్తుంది. ఎంత దాటితే హెచ్చరించాలన్న హద్దును మనమే నిర్ణయిస్తాము. హద్దు తగ్గిస్తే వదిలేసేవి తగ్గుతాయి, అనవసర హెచ్చరికలు పెరుగుతాయి. ఎక్కడ నిలపాలన్నది కంప్యూటర్ శాస్త్రం తేల్చే విషయం కాదు. మందు ధర, పంట దశ, వాతావరణం తెలిసిన సస్యరక్షణ శాస్త్రవేత్త తేల్చాలి. ఆ నిర్ణయం కూడా పరీక్ష భాగాన్ని తెరవక ముందే, రెండవ భాగం మీద జరగాలి.

మరో మాట. 40లో 36 పట్టుకున్నందున రీకాల్ 90 శాతం అన్నాము. 40 ఆకులు చాలా తక్కువ. గణాంక శాస్త్రం ప్రకారం నిజమైన రీకాల్ 77 నుండి 96 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ 40 ఆకులూ ఐదు పొలాల నుండే వచ్చి ఉంటే ఈ హద్దులు ఇంకా వెడల్పవుతాయి. ఎందుకంటే మనం నిజంగా చూసినవి నలభై సంఘటనలు కావు, ఐదు. 90.00 అని రెండు దశాంశ స్థానాలు రాసే అలవాటు మన పత్రాల్లో ఉంది. ఇటువంటి చోట దానికి ఆధారం లేదు.

నమూనా నిజంగా దేనిని చూస్తున్నది?

పక్షపాతం అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలున్నాయి. నమూనా తెగులును కాకుండా దానితో పాటు యాదృచ్ఛికంగా వచ్చిన మరో గుర్తును పట్టుకోవడం ఒకటి. కొన్ని రకాల పొలాలకు, కొందరు రైతులకు అది అధ్వానంగా పనిచేయడం రెండవది.

మొదటిదానికి స్పష్టమైన ఉదాహరణ నోయాన్ అనే పరిశోధకుడు 2022లో చూపించాడు. ప్లాంట్‌విలేజ్‌లోని ప్రతి ఫొటోలో ఆకును పూర్తిగా వదిలేసి, మూలల్లో, అంచుల మధ్యలో ఉన్న ఎనిమిది పిక్సెళ్లను మాత్రమే తీసుకున్నాడు. ఆ ఎనిమిది చుక్కల రంగుతోనే ఒక నమూనాకు శిక్షణ ఇస్తే 38 వర్గాల్లో 49 శాతం కచ్చితత్వం వచ్చింది. ఆకును చూడకుండానే సగం ఫొటోలకు తెగులు పేరు తెలిసిపోయిందంటే, ఆ పేరు నేపథ్య కాగితపు రంగులో, ఆ రోజు వెలుతురులో దాగి ఉందని అర్థం. ఒక్కో తెగులు ఫొటోలను ఒక్కో పూట, ఒక్కో చోట తీస్తే ఈ విధంగానే జరుగుతుంది.

జహీరాబాద్‌లో ఇదే మరో రూపంలో జరిగే అవకాశం ఉంది. ఆరోగ్యవంతమైన ఆకుల ఫొటోలను పరిశోధన కేంద్రంలో, తెగులు ఆకుల ఫొటోలను రైతుల పొలాల్లో తీస్తే, నమూనా ఎర్ర మట్టి కనిపిస్తే తెగులు అని నేర్చుకుంటుంది. నోయాన్ చేసిన పరీక్షను మనమూ చేయవచ్చు. ప్రతి ఫొటోలో ఆకు ఉన్న మధ్య భాగాన్ని నల్లగా కప్పివేసి, మిగిలిన అంచులతోనే శిక్షణ ఇచ్చి చూడాలి. ఫలితం గుడ్డి ఊహకు దగ్గరగా ఉండాలి. దానికన్నా బాగా ఎక్కువ వస్తే ఫొటోల సేకరణలోనే లోపం ఉంది, నమూనాను ఎంత మార్చినా ప్రయోజనం లేదు. నివారణ కూడా సేకరణలోనే ఉంది. ప్రతి పొలంలో, ఒకే సందర్భంలో, తెగులు ఆకులనూ మంచి ఆకులనూ రెండింటినీ తీయాలి.

రెండవ రకం పక్షపాతాన్ని పట్టుకోవాలంటే ఫలితాన్ని గుంపులుగా విడదీయాలి. పై లెక్కలోని 40 లేట్ బ్లైట్ ఆకుల్లో 28 ఫొటోలు మంచి కెమెరా ఉన్న ఫోన్లలో, 12 చవక ఫోన్లలో తీసినవి అనుకుందాం. మొదటి గుంపులో 27, రెండవ గుంపులో 9 పట్టుబడితే మొత్తం 36 అవుతుంది. మొత్తం రీకాల్ 90 శాతం, కాని చవక ఫోన్ ఉన్న రైతుకు 75 శాతమే. 12 ఫొటోలతో తీర్పు చెప్పలేము. అయితే ఆ గుంపు నుండి మరిన్ని ఫొటోలు సేకరించాలన్న నిర్ణయానికి అది చాలు. ఫోన్‌తో పాటు ఆలుగడ్డ రకం, నాటిన కాలం, ఫొటో తీసిన వేళ, ఎర్ర నేలా నల్ల నేలా అన్నవాటిని కూడా ఈ విధంగానే విడదీసి చూడాలి. మధ్యాహ్నపు ఎండలో ఆకు మెరిసి మచ్చ అంచు కనిపించకపోవడం వంటివి ఇక్కడే బయటపడతాయి.

ఫొటోలకు పెట్టిన పేర్లే తప్పైతే పై పరీక్షలన్నీ వ్యర్థం. తొలి దశలో ఎర్లీ బ్లైట్, లేట్ బ్లైట్ మచ్చలను ఫొటోలో చూసి వేరుచేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. లేట్ బ్లైట్‌లో తేమ ఉన్నప్పుడు ఆకు అడుగున మచ్చ అంచు చుట్టూ తెల్లటి బూజు వస్తుంది. పైనుండి తీసిన ఫొటోలో అది కనిపించదు. కనుక పరీక్ష భాగంలోని ఆకులనైనా కోసి తెచ్చి, తడి కాగితం ఉంచిన మూత డబ్బాలో ఒక రాత్రి పెట్టి, బూజును సూక్ష్మదర్శినిలో చూసి పేరు నిర్ధారించాలి. శ్రమ ఎక్కువే. పరీక్ష భాగం చిన్నది కాబట్టి సాధ్యమే.

నమూనాకు నేర్పని జబ్బుల సంగతి కూడా చెప్పుకోవాలి. మూడు వర్గాలు నేర్చిన నమూనాకు పచ్చదోమ వల్ల అంచులు మాడిన ఆకు చూపినా, మందు ఎక్కువై కాలిన ఆకు చూపినా, ఆ మూడింటిలో ఒక పేరే చెబుతుంది. తరచుగా ఎంతో ధీమాతో చెబుతుంది. పరీక్షలో ఇటువంటి ఆకులను ఒక వంద కావాలనే చేర్చాలి. పక్క మడిలోని అల్లం ఆకు ఫొటో కూడా పెట్టి చూడవచ్చు. వాటికి తెలియదు అని చెప్పగలిగే ఏర్పాటు నమూనాలో లేకపోతే ఆ విషయం నివేదికలో స్పష్టంగా రాయాలి.

కాలం గడిచే కొద్దీ

ఒక యాసంగిలో బాగా పనిచేసిన నమూనా తరువాతి యాసంగిలో దారి తప్పవచ్చు. దీనిని డ్రిఫ్ట్ అంటారు. నమూనా మారదు, లోకం మారుతుంది. కొత్త ఫోన్లు తమంతట తామే రంగులను ముదురు చేసి ఫొటోను అందంగా చూపుతాయి. రైతులు నేరుగా తీయకుండా వాట్సాప్‌లో వచ్చిన, నాణ్యత తగ్గిన ఫొటోను పంపడం మొదలుపెడతారు. విత్తనం వేరే రకానిదైతే ఆకు ఆకారం, రంగు కొంత మారుతుంది.

తెగులు కూడా మారుతుంది. 2009-10 ప్రాంతంలో దక్షిణ భారతంలో టమాట, ఆలుగడ్డలపై లేట్ బ్లైట్ తీవ్రంగా విజృంభించింది. 13_A2 అనే కొత్త జన్యురూపం పాత రూపాల స్థానాన్ని ఆక్రమించడమే దానికి కారణమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఐరోపాలో అంతకు కొన్నేళ్ల ముందే వ్యాపించిన రూపమది. 2008 వరకు సేకరించిన ఫొటోలతో అప్పట్లో ఒక నమూనా ఉండి ఉంటే, లేట్ బ్లైట్ అరుదన్న భావనతో అది తయారై ఉండేది. దాని హద్దులు, ప్రెసిషన్ అంకెలు అన్నీ ఒక్క ఏడాదిలో పాతబడేవి.

డ్రిఫ్ట్‌ను పట్టుకోవడానికి సాధారణంగా సూచించే మార్గం వారం వారం నమూనా చెప్పే సమాధానాల వంతును గమనించడం. ఇది చవకైనది, అవసరమైనది, కాని దీనితో ఒక చిక్కు ఉంది. పై లెక్కలో వెయ్యి ఫొటోలకు 84 హెచ్చరికలు వచ్చాయి. ఒక వారం అది 220కి పెరిగిందనుకుందాం. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. నిజంగానే తెగులు 4 శాతం నుండి 20 శాతానికి పెరిగి ఉండవచ్చు. అప్పుడు 200లో 180 నిజమైన హెచ్చరికలు, 800లో 40 తప్పుడువి, మొత్తం 220. లేదా తెగులు అంతే ఉండి, ఫొటోల తీరు మారి, తప్పుడు హెచ్చరికలు 5 శాతం నుండి 19 శాతానికి పెరిగి ఉండవచ్చు. అప్పుడు 36 నిజమైనవి, 182 తప్పుడువి, మొత్తం 218. కంప్యూటర్ తెరపై ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. ఒకదానిలో ఊరూరా హెచ్చరిక పంపాలి, మరొకదానిలో సాధనాన్ని ఆపివేయాలి.

ఈ రెండింటిని వేరుచేసేది పొలం ఒక్కటే. హెచ్చరిక వచ్చినవాటిలో నుండి చీటీ వేసి 30ని ఎంపిక చేసి, ఆ పొలాలకు వెళ్లి ఆకులు తెచ్చి చూడాలి. మొదటి సందర్భంలో 30లో దాదాపు 25 నిజమవుతాయి. రెండవ సందర్భంలో దాదాపు ఐదే. ఇంత తేడా ఉన్నప్పుడు 30 ఆకులే చాలు, రెండు రోజుల పని.

హెచ్చరిక రానివాటిని తనిఖీ చేయడం ఇంత సులువు కాదు. మన లెక్కలో హెచ్చరిక లేని 916 ఆకుల్లో తెగులున్నవి నాలుగే. వాటిలో నుండి 30 తీస్తే ఒక్కటి కూడా తగలకపోవచ్చు. దాని నుండి రీకాల్ బాగుందని అనుకోరాదు. అందుచేత సాధనంతో సంబంధం లేకుండా కొన్ని స్థిర మడులను ఎంచుకుని, విస్తరణ సిబ్బంది పదిహేను రోజులకోసారి నడిచి చూసి, తెగులు కనబడిన ప్రతి ఆకునూ ఫొటో తీసి నమూనాకు చూపాలి. రీకాల్ పడిపోతున్నదో లేదో ఆ ఫొటోలే చెబుతాయి. యాప్ ద్వారా వచ్చే ఫొటోలపై మాత్రమే ఆధారపడితే ఫొటో పంపని రైతుల పొలాలు లెక్కలోకే రావు.

యాసంగి ముగిశాక ఆ సీజనులో నిర్ధారించిన ఆకులను తరువాతి శిక్షణలో చేర్చవచ్చు. అయితే చేర్చడానికి ముందు పాత నమూనాను వాటిపై పరీక్షించి అంకె రాసి పెట్టుకోవాలి. చేర్చిన తరువాత ఆ అవకాశం ఉండదు. కొత్త నమూనాను కొత్త ఫొటోలపైనే కాక మొదటి ఏడాది పరీక్ష భాగంపై కూడా నడిపించి చూడాలి. కొత్తవి నేర్చుకునే క్రమంలో పాతవి మరచిపోయిందేమో అక్కడ తెలుస్తుంది. ఏ నమూనా ఏ తేదీన, ఏ పొలాల ఫొటోలతో, ఏ హద్దుతో పనిచేసిందో ఒక రిజిస్టరులో ఉంటే, మరుసటి డిసెంబరులో హెచ్చరికలు పెరిగిన వారం ముందుగా తెరవవలసినది దానినే.